"అట"ను ఇంగ్లీషులో పోగొట్టకండి

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గరి ఒక పల్లె నుంచి ఫీల్డ్ వర్కర్ తెలుగులో ఇలా రాసి పంపాడనుకుందాం: "రాత్రి పది దాటాక నలుగురు వచ్చి కొట్టారట, అన్న చెప్పాడు. మూడు ఇళ్ళు పోయాయి. నలభై సెంట్ల చేను పాడైంది. నష్టం 1,20,000." విదేశంలోని హెడ్ ఆఫీసుకు ఇది రేపటికల్లా ఇంగ్లీషులో కావాలి. మన సంఘాల్లో ఈ పని సాధారణంగా ఇంగ్లీషు చదువుకున్న యువతీయువకుల మీద పడుతుంది.

ఇంగ్లీషు నున్నగా తయారయ్యేసరికి "నలుగురు" కాస్తా "మాబ్" అవుతారు. "పోయాయి" అన్నది "డిస్ట్రాయ్డ్" అవుతుంది. "అట" మాయమవుతుంది. ఎవరూ అబద్ధమాడలేదు, కానీ రిపోర్టు మాత్రం మారిపోయింది. రేపు ఎవరైనా పల్లెకు వచ్చి విచారిస్తే, మాట పోయేది బాధిత కుటుంబానిదే.

"అట" అంటే రాసినవాడు చూడలేదు, విన్నాడు అని. కొందరు దాని బదులు "అలెజెడ్లీ" పెడతారు. నాకది నచ్చదు, బాధితుణ్ణే అనుమానిస్తున్నట్టు వినిపిస్తుంది. ఎవరు చెప్పారో రాయడమే మేలు: "బాధితుని అన్న మా వర్కర్‌కు చెప్పాడు" అని. ఆ అన్న కళ్ళారా చూశాడా? సొంత అన్నా, పెదనాన్న కొడుకా? మనకు ఇద్దరూ అన్నలే గానీ ఇంగ్లీషువాళ్ళకు కాదు. ఫోన్ చేసి అడగాలి.

"పోయాయి" సంగతీ అంతే. కాలాయా, కూలాయా, భయంతో జనం ఖాళీ చేసి వెళ్ళారా? కుర్చీలో కూర్చుని తేల్చే విషయం కాదిది. వర్కర్ దొరక్కపోతే "ఎలా పోయాయో రిపోర్టులో లేదు" అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు.

సెంట్లంటే అక్కడివాళ్ళకు చిల్లర డబ్బులు! నలభై సెంట్లంటే 0.40 ఎకరం, సుమారు 0.16 హెక్టారు. మన 1,20,000 వాళ్ళకు 120,000. రూపాయల అంకెను అలాగే ఉంచి, డాలర్లు పక్కన ఇస్తే ఏ తేదీ రేటో చెప్పాలి. ఆ నష్టం లెక్క కుటుంబం చెప్పిందా, తహసీల్దారు కట్టిందా అన్నదీ రాయాలి.

ఇంకొకటి. వర్కర్ "దళిత క్రైస్తవులు" అని రాస్తే దాన్ని "షెడ్యూల్డ్ క్యాస్ట్" చేయకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఆ హోదా లేదు. అన్యాయమే, కానీ చట్టం అదే. ఆ ఒక్క మాట కేసునూ, ఇంట్లోని సర్టిఫికెట్లనూ చిక్కుల్లో పెట్టగలదు.

వాక్యాల వరుస మార్చుకోవచ్చు. హెడ్ ఆఫీసుకు ముఖ్య విషయం ముందుండాలి, అందులో తప్పేమీ లేదు. పంపేముందు మాత్రం ఇంగ్లీషు ప్రతిని వర్కర్‌కు ఫోన్‌లో తెలుగులో చదివి వినిపించండి. పేర్లు, అంకెలు, తేదీలు ఒక్కొక్కటే మూలంతో సరిచూసి పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. తెలుగు మూలాన్ని కూడా జతచేసి పంపండి.