ఎర్రసిరా చెప్పే మాట



పరీక్షలు అయ్యాక పిల్లలు దిద్దిన పేపరును ఫోనులో ఫోటో తీసి ఇంటికి పంపడం ఇప్పుడు అందరికీ అలవాటే. తల్లిదండ్రులు దానిలో మొదట మార్కులు చూస్తారు, తర్వాత ఎర్రసిరా ఎక్కడెక్కువ ఉందో చూస్తారు. ఆ చూపుతోనే తీర్పు కూడా అయిపోతుంది. ఆ తీర్పు ఎంత తప్పు కావచ్చునో, ఆ ఫోటోల నుండి పనికివచ్చే జాబితా ఎలా తయారు చేసుకోవాలో ఈ నెల వివరిస్తాము.

తార్నాకలో హాస్టల్లో ఉంటూ, ఉస్మానియా క్యాంపస్ దగ్గర డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. అర్థశాస్త్రం క్లాసు పరీక్షలో ఆమెకు 50కి 28 వచ్చాయి. ఫోటోలు చూసిన తల్లి, "అన్నీ స్పెల్లింగు తప్పులే, ముందు ఇంగ్లీషు బాగుచేసుకో" అన్నది. అమ్మాయి మాత్రం, "ఈ సబ్జెక్టు నాకు రాదు, మానేసి వేరే గ్రూపులో చేరతాను" అన్నది. ఒక సంవత్సరం చదువు పోయే మాట అది. ఇద్దరూ ఒకే పేపరు చూశారు. ఇద్దరి తీర్పూ సరి కాదు.

మొదట ఫోటో సంగతి. పేపరును కిటికీ వెలుగులో పెట్టి, ఫ్లాష్ లేకుండా, నేరుగా పైనుండి తీయాలి. నాలుగు అంచులూ కనబడాలి, ఎందుకంటే టీచర్లు తరచు మార్జిన్లోనే రాస్తారు. కాగితాన్ని నలుపు తెలుపుగా మార్చే స్కానింగు పద్ధతి వాడకూడదు. అలా మారిస్తే పిల్ల రాసిన నీలం సిరా, టీచరు ఎర్రసిరా ఒకేలా కనబడతాయి. ముందు అట్ట నుండి చివరి పేజీ వరకు వరుసగా తీసి, లోపలి మార్కులు కూడి, అట్టమీద వేసిన మొత్తంతో సరిచూడాలి. తేడా ఉంటే అది పిల్ల తప్పుల జాబితాలోకి రాదు. దానిని ముందే టీచరు దగ్గరకు తీసుకువెళ్లాలి.

తర్వాత ఒక తెల్లకాగితం మీద ప్రశ్నకొక వరుస గీయండి. పోయిన మార్కులు ఎన్ని, టీచరు రాసిన మాట ఏమిటి, ఆ చోట పిల్ల ఏమి రాసింది, ఈ మూడూ నింపండి. టీచరు మాటను ఉన్నదున్నట్లే ఎక్కించాలి. చదవలేకపోతే ప్రశ్నార్థకం పెట్టాలి గాని ఊహించి పూరించకూడదు.

మన ఉదాహరణలో ప్రశ్నకు 10 మార్కుల చొప్పున అయిదు ప్రశ్నలు. మొదటి దానిలో 3 పోయాయి, పక్కన "ఎక్స్‌ప్లెయిన్" అని ఉంది. రెండవది లెక్క. అందులో 6 పోయాయి, మార్జిన్లో "పర్సెంట్?" అని ఉంది. మూడవ దానిలో 4 పోయాయి, అక్కడ "డయాగ్రమ్?" అని ఉంది. నాలుగవ దానిలో 3 పోయాయి, "స్లోప్ కాదు" అని ఉంది. అయిదవ దానిలో 6 పోయాయి, "ఇన్‌కంప్లీట్" అని ఉంది. మొత్తం 22. వీటికి తోడు స్పెల్లింగు తప్పుల చుట్టూ తొమ్మిది ఎర్ర సున్నాలు ఉన్నాయి. వాటికి విడిగా మార్కు తీసిన గుర్తు ఎక్కడా లేదు. తల్లి కంటికి కొట్టొచ్చినట్లు కనబడిన తప్పుకు పోయిన మార్కు ఒక్కటీ లేదన్నమాట. అందుకే సిరాను కాదు, మార్కులను లెక్కపెట్టాలి.

ఇప్పుడు అసలు పని. టీచరు మాట తప్పును చూపిస్తుంది గాని, దాని కారణాన్ని చాలాసార్లు చెప్పదు. కారణం తెలియాలంటే పుస్తకం మూసి, అదే ప్రశ్నను పిల్లచేత మళ్లీ రాయించాలి. ఇప్పుడు సరిగా రాస్తే విషయం వచ్చునన్నమాట, లోపం పరీక్ష రాసిన తీరులో ఉంది. ఇప్పుడూ రాయలేకపోతే విషయమే రాలేదన్నమాట.

రెండవ ప్రశ్న చూడండి. ధర 20 రూపాయల నుండి 24కు పెరిగితే డిమాండు 100 నుండి 90కి తగ్గింది, వ్యాకోచత్వం ఎంత? అమ్మాయి 10ని 4తో భాగించి 2.5 అని, డిమాండు బాగా వ్యాకోచమని రాసింది. మళ్లీ రాయించినా అదే రాసింది. నిజానికి శాతాలను భాగించాలి. డిమాండు తగ్గింది 10 శాతం, ధర పెరిగింది 20 శాతం, కనుక జవాబు 0.5. అంటే డిమాండు అవ్యాకోచం. జవాబే తలకిందులైంది. నాలుగవ ప్రశ్నలో వ్యాకోచత్వమంటే రేఖ వాలు అని రాసిన తప్పు కూడా ఇదే. మాటలు వేరైనా వేరు ఒక్కటే. రెండూ కలిసి 9 మార్కులు.

మూడవ ప్రశ్నలో "డయాగ్రమ్?" అన్నది చూసి అమ్మాయి, "నేను బొమ్మ వేశాను కదా" అని నొచ్చుకున్నది. ఉదాసీనతా వక్రరేఖ గీసిన మాట నిజమే. అయితే అక్షాలకు పేర్లు లేవు, జవాబులో ఆ బొమ్మ ప్రస్తావనే లేదు. మొదటి ప్రశ్నలో "ఎక్స్‌ప్లెయిన్" అన్నదీ అందుకే. ఇవి రెండూ కలిసి 7.

అయిదవ ప్రశ్నను పుస్తకం మూసి పావుగంటలో పూర్తిగా రాసేసింది. విషయం వచ్చును, సమయం చాలలేదు. సాక్ష్యం పేపరులోనే ఉంది. మొదటి జవాబు నాలుగు పేజీలు, చివరిది ఒక్క పేజీ. ఇది 6.

కాబట్టి జాబితా ఇలా తేలింది.

మొదటిది, వ్యాకోచత్వం, 9 మార్కులు. ముందు వచ్చే పాఠాలు దీనిమీదే నిలుస్తాయి గనుక కూడా దీనికి మొదటి స్థానం. రోజుకు రెండు చొప్పున వారం రోజులు లెక్కలు చేయాలి. ప్రతి లెక్కలో శాతాలు ముందు విడిగా రాయాలి. ధరను డిమాండుతో గుణించి సరిచూడాలి. పై లెక్కలో ఖర్చు 2000 నుండి 2160కి పెరిగింది. ధర పెరిగినప్పుడు ఖర్చూ పెరిగితే డిమాండు అవ్యాకోచమే.

రెండవది, బొమ్మలు, 7 మార్కులు. ప్రతి బొమ్మకు అక్షాల పేర్లు, కింద దానిని గురించి రెండు వాక్యాలు.

మూడవది, సమయం, 6 మార్కులు. గంటన్నర పరీక్షలో ప్రశ్నకు 18 నిమిషాలు. గడియారం ఎదుట పెట్టుకొని ఒక పాత పేపరు రాయాలి.

చివరిది, స్పెల్లింగు. తొమ్మిది సున్నాలూ చూస్తే మళ్లీ మళ్లీ వచ్చిన మూడే మాటలు. ఒక సాయంత్రం చాలు.

అమ్మాయికి నిజంగా రానిది 22లో 9 మార్కుల విషయం మాత్రమే. సబ్జెక్టు మానవలసిన పేపరు కాదది.

ఒక హద్దు చెప్పాలి. పబ్లిక్ పరీక్ష రాసినవారు దిద్దిన తమ జవాబు పత్రాన్ని చూసుకొని నకలు తీసుకోవచ్చునని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే అటువంటి పత్రాల్లో సాధారణంగా మార్కులే ఉంటాయి, వివరణ ఉండదు. కనుక ఈ పనికి క్లాసు పరీక్ష పేపరే మేలు. మార్కులు పోయి మాట లేనిచోట, "ఎందుకు తగ్గించారు?" అని కాక, ఆ చోటే చూపించి, "ఇక్కడ ఏమి రాసి ఉండవలసింది, సార్?" అని అడగమనండి.

జాబితాను దాచి ఉంచండి. వచ్చే పరీక్ష పేపరు వచ్చినప్పుడు మొత్తం మార్కులకన్నా ముందు, పాత మాటల్లో ఏవి మళ్లీ కనబడ్డాయో చూడండి. "పర్సెంట్?" అన్నది మళ్లీ వస్తే వారం లెక్కలు చాలలేదన్నమాట. రాకపోతే దానిని కొట్టివేసి, తర్వాతి వరుసకు వెళ్లండి.