పెద్ద వాటాదారు పక్కకు తప్పుకుంటే

మారుతి సుజుకీలో జపాన్ సుజుకీకి అప్పట్లో సుమారు 56 శాతం వాటా. 2014 జనవరిలో గుజరాత్ ప్లాంటును మారుతి కాక సుజుకీయే కడుతుందనగానే మ్యూచువల్ ఫండ్లు భగ్గుమన్నాయి. తయారీ లాభం జపాన్‌కు మళ్లుతుందని వాటి భయం. బేరంలో రెండు వైపులా సుజుకీయే ఉంది మరి! అందుకే దాని ఓటు పక్కనపెట్టి మిగతా వాటాదారులనే అడిగారు. ఈలోగా, లాభం చూసుకోకుండా ఖర్చు ధరకే కార్లివ్వాలని షరతులు మారాయి. 2015 డిసెంబరులో దాదాపు 90 శాతం ఓట్లు అనుకూలంగా పడ్డాయి. మా దృష్టిలో చిన్న మదుపరులు గెలిచింది ఆ రోజు కాదు, షరతులు మారినప్పుడే. మన చట్టం పెద్ద వాటాదారును సూటిగా ధర్మకర్తను చేయదు. తనకు సంబంధమున్న పెద్ద లావాదేవీని తన ఓటుతోనే గట్టెక్కించుకోకుండా మాత్రం ఆపుతుంది. మిగిలినవారు ఓటు వేయకపోతే ఆ అడ్డు పేరుకే.