‘నోటెడ్’ జవాబు కాదు

డ్రాయింగుకు కుడివైపు కింది మూలన మూడు గడులుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. యజమాని తరఫున ఆ డ్రాయింగును చదివి తప్పులు పట్టే నాలాంటివాడికి ఆ మూడింట్లో చోటు లేదు. నా పనంతా కామెంట్ షీటులో ఉంటుంది. భవనం అప్పగించేటప్పుడు డ్రాయింగులను అట్టలు కట్టి ఇస్తారు. కామెంట్ షీటు మాత్రం ఎవరి కంప్యూటర్లోనో ఉండిపోతుంది. ఇరవై రెండేళ్లుగా చిల్డ్ వాటర్ డ్రాయింగులు చూస్తున్నాను. పేరు లేదని నేనెప్పుడూ బాధపడలేదు. ఆ షీటును చదవకుండానే మూసేస్తున్నారే, అది మాత్రం మింగుడుపడటం లేదు.

ఏం పోగొట్టుకుంటున్నామో ఒక్క కామెంటుతో చెబుతాను.

హైదరాబాదులో ఒక ఆఫీసు భవనం. 500 టన్నుల చిల్లర్లు మూడు. రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై. చిల్లర్ దగ్గర 7 డిగ్రీల చల్లదనంతో బయలుదేరిన నీళ్లు అంతస్తుల్లోని ఏహెచ్‌యూలలో గాలిని చల్లబరిచి, 12.5 డిగ్రీలకు చేరి తిరిగొస్తాయి. నిండు లోడు మీద ఒక్కో చిల్లర్‌లోంచి గంటకు 275 ఘనపు మీటర్ల నీళ్లు పారతాయి. రాత్రిపూట భవనానికి అన్ని నీళ్లు అక్కర్లేదు. ఏహెచ్‌యూల వాల్వులు మూసుకుంటూ వస్తాయి, పంపుల వేగం తగ్గుతుంది. అయితే చిల్లర్‌లోంచి పారే నీళ్లు మరీ తగ్గకూడదు. ఈ చిల్లర్‌కు తయారీదారు చెప్పిన కనీస ప్రవాహం 140. అంతకంటే తగ్గితే ఎవాపరేటర్ గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టే ప్రమాదముంది కాబట్టి చిల్లర్ ముందే ట్రిప్ అవుతుంది. అందుకే సప్లై హెడర్ నుంచి రిటర్న్ హెడర్‌కు ఒక అడ్డదారి వేస్తారు, అదే బైపాస్. భవనానికి 90 చాలినప్పుడు మిగతా 50 ఆ దారిన తిరిగి చిల్లర్‌కే రావాలి. బైపాస్ వాల్వు ఎంత తెరుచుకోవాలో ఫ్లో మీటరు రీడింగును బట్టి కంట్రోలర్ నిర్ణయిస్తుంది.

స్కీమాటిక్‌లో ఆ మీటరు ఒక చిన్న సున్న. అందులో ‘ఎఫ్’ అని రాసి ఉంటుంది. కన్సల్టెంటు ఆ సున్నను సప్లై హెడర్ మీద, బైపాస్ చీలే టీ దాటాక, భవనం వైపు పెట్టాడు. టీకి ఇవతల, చిల్లర్ వైపు ఉండాల్సింది. కాగితం మీద తేడా నాలుగు సెంటీమీటర్లు.

ఆ నాలుగు సెంటీమీటర్లతో ఏమవుతుందో చూడండి. మీటరు భవనానికి వెళ్లే 90నే కొలుస్తుంది. అడ్డదారిన పోయే నీళ్లు దాని కంటపడవు. కంట్రోలర్ 90 చూసి, 140 కంటే తక్కువుంది కదా అని బైపాస్ తెరుస్తుంది. నీళ్లు బైపాస్‌లో పారతాయి కానీ రీడింగు పెరగదు. ఇంకా తెరుస్తుంది. ఇంకా పెరగదు. చివరికి వాల్వు పూర్తిగా తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. అటు భవనం చివర ప్రెషర్ తగ్గుతోందని పంపు వేగం పెంచుకుంటుంది. బైపాస్‌లో 180 పోయిందనుకుందాం. చిల్లర్‌లోంచి 140 పారాల్సిన చోట 270 పారుతుంది. తిరిగొచ్చే నీళ్లు 10.5 డిగ్రీల దగ్గర ఉండాల్సింది 8.8కి పడిపోతాయి. భవనానికి అందే చల్లదనం ఒక్క పిసరు కూడా పెరగదు. పంపు మాత్రం దాదాపు రెట్టింపు నీళ్లు తోడుతూ రాత్రంతా తిరుగుతుంది.

ఇందులో చిల్లర్ ట్రిప్ కాదు, అలారం మోగదు, ఎవరికీ ఉక్కపోయదు. కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది. ఆ తప్పును ముందే పట్టగలిగేది డ్రాయింగు దశలోనే, అదీ చిల్లర్ నుంచి మొదలుపెట్టి నీటి దారి వెంట వేలు పెట్టి నడిచినవాడు మాత్రమే. ఆ ఒక్క డ్రాయింగు చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒప్పందంలో రాసింది నాలుగు గంటలు.

షీటులో అది 14వ కామెంటు. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: “ఫ్లో మీటరు బైపాస్ టీకి భవనం వైపు ఉంది. ఇక్కడ అది చిల్లర్ ప్రవాహాన్ని కొలవలేదు. కనీస ప్రవాహ నియంత్రణ పనిచేయదు, బైపాస్ పూర్తిగా తెరిచి ఉండిపోతుంది. తీవ్రత 1. కావలసిన జవాబు: మీటరును చిల్లర్ల ఉమ్మడి హెడర్ మీద, టీకి ముందు చూపుతూ సవరించిన డ్రాయింగు, లేదా ఒక్కో చిల్లర్‌కు విడి మీటరు. మీటరు తయారీదారు అడిగిన నిడివి మేరకు వంపుల్లేని పైపు అక్కడ దొరుకుతుందని లేఅవుట్‌లో చూపాలి.”

ఆ షీటులో మొత్తం 62 కామెంట్లున్నాయి. తీవ్రత 1 వేసినవి మూడే. అంకె వేయడానికి ముందు నన్ను నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఇది ఇలాగే కడితే పని చేస్తుందా, చేయకపోతే పైపు కోయకుండా సరిదిద్దగలమా? రెండింటికీ కాదు అని జవాబొస్తేనే 1. పనిచేస్తుంది గానీ నడిపేవాడికి ఇబ్బంది, లేదా లెక్క చూపలేదు అంటే 2. వాల్వు ట్యాగు పట్టికతో కలవకపోతే 3. అన్నిటికీ 1 వేయడం తేలిక. వేస్తే ఎవరూ దేన్నీ చదవరు. 59 కామెంట్లకు 1 వేయకుండా ఆగడమూ నా పనిలో భాగమే. ఆ నిగ్రహానికి విలువ ఇవ్వమని అడుగుతున్నాను.

‘కావలసిన జవాబు’ అనే గడి తీవ్రతకంటే ముఖ్యమైనది. మీటరు తప్పుగా ఉంది అని రాసి వదిలేస్తే అవతలివాళ్లు దేన్నైనా జవాబు అనొచ్చు. డ్రాయింగు మార్చి పంపాలా, లెక్క పంపాలా, కారణం రాస్తే చాలా అన్నది నేనే చెప్పాలి. అప్పుడు కామెంటు తీరిందో లేదో ఎవరు చూసినా తేలిపోతుంది. అభిప్రాయభేదానికి చోటుండదు.

మూడు వారాలకు జవాబొచ్చింది. “నోటెడ్. బీఎంఎస్ వెండర్‌తో సమన్వయం చేసుకుంటాం.”

నోటెడ్ అంటే ఏమిటి? ఒప్పుకున్నారా, లేదా? ఒప్పుకుంటే సవరించిన డ్రాయింగు ఏది? లేదంటే కారణమేది? బీఎంఎస్ వెండర్ చేతిలో వైర్లూ ప్రోగ్రామూ ఉంటాయి, పైపు ఉండదు. మీటరు చూడని నీళ్లను ఏ ప్రోగ్రామూ కొలవలేదు. నేను కామెంటును మళ్లీ తెరిచాను. సమావేశంలో కన్సల్టెంటు తరఫు ఇంజనీరు, “స్కీమాటిక్‌కు స్కేలు ఉండదు కదా సార్, అసలు చోటు సైట్‌లో చూసుకుంటాం” అన్నాడు. స్కేలు లేదన్నది నిజమే. స్కేలు లేదు కాబట్టే స్కీమాటిక్‌లో మిగిలేది వరుస ఒక్కటే. ఏది ముందు, ఏది తర్వాత, టీకి ఏ పక్కన అన్నది చెప్పడానికే ఆ డ్రాయింగు ఉంది. వరుస తప్పితే అందులో ఇంకేం మిగిలింది? సైట్‌లో వెల్డరు అదే చూసి వెల్డు చేస్తాడు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. అందులో న్యాయముంది. మీటరు అక్కడున్నా చిల్లర్‌కు ఎప్పుడూ కనీసం కంటే ఎక్కువే అందుతుంది, కాబట్టి ప్రమాదం లేదు, తీవ్రత 1 ఎందుకు అని. ప్రమాదం లేదని నేనూ ఒప్పుకున్నాను. నా కొలత ప్రమాదం ఒక్కటే కాదని, తర్వాత సరిదిద్దాలంటే పైపు కోయాలా వద్దా అన్నది కూడా అని చెప్పాను.

ఆ సాయంత్రం మా మేనేజర్ పిలిచాడు. “ఒక్క 1 మిగిలినా డ్రాయింగు నిర్మాణానికి విడుదల కాదండీ. షెడ్యూలు పోతుంది. దాన్ని 2 చేసేద్దాం” అన్నాడు. నేను చేయనన్నాను. మర్నాడు షీటులో అంకె మారి ఉంది. మార్చింది ఎవరో షీటులో లేదు. ‘సైట్‌లో చూసుకోవాలి’ అనే షరతుతో కామెంటు మూసేశారు. డ్రాయింగు విడుదలైంది.

భవనం నడవడం మొదలైన పద్నాలుగు నెలలకు ప్లాంటు రూము నుంచి ఫోను వచ్చింది. ఆపరేటరు కుర్రవాడు చాలా బాగా చూశాడు. “సార్, రాత్రి మీటరు 90 చూపిస్తోంది. చిల్లర్ ముందూ వెనకా ఉన్న గేజీల తేడా మాత్రం నిండు లోడు మీద ఉన్నట్టే ఉంది. ఏది నమ్మాలి?” గేజీలనే నమ్మాలి. ఎవాపరేటర్‌లో పడిపోయే ప్రెషర్ ప్రవాహపు వర్గాన్ని బట్టి మారుతుంది. 275 పారేటప్పుడు 60 కిలోపాస్కల్స్ ఉంటే, 140 దగ్గర 16 లోపే ఉండాలి. అతనికి 58 కనబడుతోంది. అంటే 270 పారుతోంది. బైపాస్ వాల్వు ఎంత తెరిచుందో స్క్రీన్ మీద చూడమన్నాను. “నూరు శాతం సార్. మేం వచ్చినప్పటి నుంచీ అంతే.”

రెండు ఆదివారాలు ప్లాంటు ఆపారు. హెడర్‌లో నీళ్లు వదిలేసి, 300 ఎన్‌బీ పైపు కోసి, మీటరును టీకి ఇవతలికి మార్చారు. ఇన్సులేషన్ మళ్లీ వేశారు. డ్రాయింగులో ఆ సున్నను జరపడానికి పది నిమిషాలు చాలేది. చివరి నివేదికలో కారణం కింద ‘బీఎంఎస్ లోపం’ అని రాశారు. 14వ కామెంటు ప్రస్తావన లేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ‘నోటెడ్’ను జవాబుగా ఒప్పుకోవద్దు. కామెంటు రాసినవాడే దాన్ని మూయాలి. తీవ్రత తగ్గించే అధికారం మేనేజర్‌కు ఉండొచ్చు, కానీ తగ్గించినవారి పేరు, తేదీ, కారణం ఆ గడిలోనే ఉండాలి. చదవడానికి పట్టే గంటలకు డబ్బివ్వాలి. చివరగా, డ్రాయింగులతో పాటు ఆ షీటునూ ప్లాంటు నడిపేవాళ్ల చేతికివ్వాలి. ఎక్కడ ఏం అనుమానించాలో దానికంటే బాగా చెప్పే కాగితం ఆ భవనంలో ఇంకొకటి ఉండదు.

మీటరు మార్చిన రోజు నేనూ వెళ్లాను. ఆ రాత్రి బైపాస్ పావు వంతు తెరుచుకుని ఆగింది. రీడింగు 140 దగ్గర నిలబడింది. జేబులోంచి 14వ కామెంటు ఉన్న పేజీ తీసి ఆపరేటరుకిచ్చాను. గేజీల కింద నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చదివి, పైన ఉన్న తేదీ మీద వేలు పెట్టి అడిగాడు: “ఇది మాకు ముందే ఎందుకివ్వలేదు సార్?”