గుడ్డులో లేనిది, కూరలో చాలనిది

జిమ్‌కు వెళ్లే కుర్రాడున్న ఇళ్లలో ఈమధ్య ఒక వాదన తరచూ వినిపిస్తోంది. ‘‘పొద్దున్నే నాలుగు గుడ్లు, ఆదివారం కోడికూర, మధ్యలో చేపల పులుసు. ఇన్ని తింటూ మళ్లీ ఆ డబ్బాలో పౌడరెందుకురా?’’ అని తల్లి అడుగుతుంది. ‘‘అది వేరేలే అమ్మా’’ అని వాడు తప్పించుకుంటాడు. వేరే అన్నమాట నిజమే. ఎంత వేరో మాత్రం ఇద్దరిలో ఎవరూ లెక్క చూడరు. ఆ పౌడరు క్రియేటిన్ అయితే లెక్క పెద్ద కష్టమేమీ కాదు. కూరగిన్నె దగ్గరే తేలిపోతుంది.

డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సుమారు 120 గ్రాముల క్రియేటిన్ ఉంటుంది. అందులో నూటికి తొంభై అయిదు వంతులు కండరాల్లోనే. బరువు ఎత్తినప్పుడు, ఒక్క ఉదుటున పరుగు తీసినప్పుడు మొదటి కొన్ని సెకన్ల శక్తికి అదే ఆధారం. ఈ నిల్వలోంచి రోజూ దాదాపు 2 గ్రాములు క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతాయి. వాటిలో ఒక గ్రామును మూత్రపిండాలు, కాలేయం కలిసి తయారుచేసుకుంటాయి. మిగతా గ్రాము మాంసాహారికి తిండిలోంచి వస్తుందని పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాల్లోని మాంసాహారి రోజూ పళ్లెంలో పెద్ద మాంసపు ముక్క పెట్టుకు తినే పాశ్చాత్యుడు. మన పళ్లెం సంగతి విడిగా చూడాలి.

కోడి, మేక, చేప ఏదైనా సరే, ఎముక తీసేసిన పచ్చి మాంసం కిలోకు ఇంచుమించు 4 గ్రాముల క్రియేటిన్ అనుకుంటే పెద్దగా తప్పదు. రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. నలుగురున్న ఇంట్లో ఆదివారం కిలో స్కిన్‌లెస్ కోడి తెచ్చారనుకోండి. ఎముకలు పోను మాంసం 650 గ్రాములు మిగులుతుంది. క్రియేటిన్ 2.6 గ్రాములు. నలుగురికీ సమానంగా వడ్డిస్తే తలకు 0.65 గ్రాము. పొయ్యి మీద ఇంకొంత తగ్గుతుంది. ఎంతసేపు ఉడికితే అంత ఎక్కువగా క్రియాటినిన్‌గా మారుతుంది, అది మళ్లీ కండరానికి పనికిరాదు. కొంత ముక్కలోంచి పులుసులోకి దిగుతుంది. ఆ పులుసు మనం అన్నంలో కలుపుకుంటాం కాబట్టి అది నష్టం కాదు. ముక్కలు ఉడికించి నీళ్లు పారబోసేవాళ్లు మాత్రం పోగొట్టుకున్నట్టే. మొత్తానికి ఆ ఆదివారం ఒక్కొక్కరికి అందింది అర గ్రాము, మహా అయితే కొంచెం ఎక్కువ.

బుధవారం అరకిలో చేప తెచ్చి అదే లెక్క వేస్తే తలకు మూడున్నర వందల మిల్లీగ్రాములు రావచ్చు. వారంలో ఏదో ఒక పెళ్లి భోజనంలో బిర్యానీ తగిలిందంటే మరో అర గ్రాము. అన్నీ కలిపితే వారానికి గ్రామున్నర కూడా రాదు. పుస్తకాల మాంసాహారికి రోజుకు ఒక గ్రాము వస్తే, మన ఇంటి మాంసాహారికి అందులో అయిదో వంతు.

గుడ్ల సంగతి చెప్పలేదేమిటంటారా? చెప్పడానికి ఏమీ లేదు. క్రియేటిన్ దాచుకునేది కండరం, గుడ్డులో కండరమే లేదు. నాలుగు గుడ్లు 24 గ్రాముల దాకా మంచి ప్రోటీన్ ఇస్తాయి, క్రియేటిన్ మాత్రం లెక్కకు రానంత. పాలూ దాదాపు అంతే, లీటరు తాగితే గ్రాములో పదో వంతు. కోస్తావాళ్లకు ఇంకో ఆశాభంగం కూడా ఉంది. రొయ్య, పీత కండగల ప్రాణులే అయినా వాటి కండరం శక్తిని దాచుకునేది క్రియేటిన్‌తో కాదు, ఆర్జినిన్‌తో. కనుక ఎంత రొయ్యల ఇగురు తిన్నా ఈ ఖాతాలో జమ అయ్యేది నామమాత్రమే. కార్జం కూడా అంతే. కాలేయం క్రియేటిన్‌ను తయారుచేసి రక్తంలోకి పంపేస్తుంది, తన దగ్గర పెద్దగా ఉంచుకోదు.

ఇప్పుడు డబ్బా వైపు చూద్దాం. రోజుకు మామూలు మోతాదు 3 నుంచి 5 గ్రాములు. డబ్బాలో ఉండేది క్రియేటిన్ మోనోహైడ్రేట్. అందులో నూటికి పన్నెండు వంతులు నీరే కాబట్టి 3 గ్రాముల పౌడరులో అసలు క్రియేటిన్ 2.6 గ్రాములు. ఈ అంకె పైన ఒకసారి వచ్చింది. నలుగురు తిన్న ఆదివారం కూరగిన్నె మొత్తంలో, ఇంకా పొయ్యి ఎక్కకముందు ఉన్నదీ అంతే. అంటే చెంచాడు పౌడరుకు సాటి రావాలంటే ఒక్క మనిషి రోజూ కిలో కోడి తానొక్కడే తినాలి. వారం లెక్క చూస్తే పౌడరు నుంచి 18 గ్రాములు, పళ్లెం నుంచి గ్రామున్నర. పన్నెండు రెట్లు తేడా. మొదటి వారం రోజుకు 20 గ్రాములు వేసుకోమని జిమ్‌లో చెప్పే ‘లోడింగ్’ అయితే రోజుకు నాలుగు కిలోలకు పైగా ఎముకలేని మాంసంతో సమానం. అది తిండి లెక్కలో చేరే సంగతే కాదు.

ఇంత తక్కువ తింటున్నాం కనుక మనకు లోపం ఉందని దుకాణదారు చెబితే నమ్మకండి. జీవితంలో మాంసం ముట్టనివాళ్లు కూడా ఒళ్లు తయారుచేసుకునే గ్రాముతో ఆరోగ్యంగా బతుకుతున్నారు. కండరాన్ని ట్యాంకు అనుకుంటే, వాళ్ల ట్యాంకులో మట్టం కొంచెం తక్కువగా ఉంటుంది, అంతే. 1992లో హారిస్, సోడర్‌లుండ్, హల్ట్‌మన్ చేసిన పరిశోధనలో పౌడరు వల్ల ఎక్కువ పెరుగుదల కనిపించింది మొదట మట్టం తక్కువగా ఉన్నవారిలోనే. నిండుకు దగ్గరగా ఉన్న ట్యాంకులో ఎంత పోసినా మిగిలింది మూత్రంలో పోతుంది.

నా అభిప్రాయం ఇక్కడే. 2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలుగు రాష్ట్రాల్లో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. పేరుకు మాంసాహారులమే కానీ వారానికి రెండు పూటలు తినే ఇంటి క్రియేటిన్ లెక్క శాకాహారి లెక్కకే దగ్గర. ‘మేం నాన్‌వెజ్ తింటాం, మాకు అక్కర్లేదు’ అన్న ధీమాకు కూరగిన్నెలో ఆధారం లేదు. అలాగని కోడికూర పెంచి ఆ తేడా పూడ్చాలనుకోవడం డబ్బూ, అరుగుదలా రెండూ దండగ. కూర తినేది ప్రోటీన్ కోసం, ఇనుము కోసం, రుచి కోసం.

వాడాలనుకున్నవారికి లోడింగ్ తప్పనిసరి కాదు. రోజుకు 3 గ్రాముల చొప్పున నాలుగు వారాలు వాడినా కండరం అదే మట్టానికి చేరుతుందని హల్ట్‌మన్ బృందమే 1996లో చూపించింది. మొదట్లో బరువు కిలో దాకా పెరిగితే అది కండరంలోకి చేరిన నీరు, కండ అనుకుని మురిసిపోవద్దు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువగా వస్తే పౌడరు సంగతి, ముందురోజు తిన్న మటన్ సంగతి డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే బాగున్న మూత్రపిండాన్ని ఆయన అనుమానించవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా డబ్బా మూత తీయకూడదు. బరువులెత్తని వారికి దాంతో పెద్ద పనిలేదు. ఎత్తే కుర్రాడికి మాత్రం రోజుకో చిన్న చెంచా చాలు, దాని ఖర్చు ఇంచుమించు ఒక కప్పు టీ డబ్బులు.