‘నేను పర్ఫెక్షనిస్ట్‌ని సార్’

పోయిన వారం రెజ్యూమె గురించి రాస్తే ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, ‘నీ అతిపెద్ద వీక్‌నెస్ ఏంటి’ అని అడిగితే ఏం చెప్పాలి?" చాలామంది తాము చెప్పబోయే జవాబు కూడా పంపించారు. చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకలు.

"నేను పర్ఫెక్షనిస్ట్‌ని సార్, పని పూర్తిగా బాగా వచ్చేదాకా వదలను." "నేను అందరినీ తొందరగా నమ్మేస్తాను మేడమ్." "పనిలో పడితే టైమ్ తెలీదు సార్." ఇవి మూడూ ఒక కోచింగ్ నోట్సులో నుంచి వచ్చినవే. ఆ నోట్సు జిరాక్స్ కాపీ ఒకటి నా దగ్గరుంది. ఒక తమ్ముడు ఫీజు కట్టి తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న ఆ డబ్బు వడ్డీకి తెచ్చాడు.

నేను కొన్నేళ్లు బల్లకి అవతలి పక్క కూర్చున్నాను. ఒక కంపెనీలో కొత్తవాళ్లని తీసుకునే ప్యానెల్‌లో ముగ్గురిలో ఒకణ్ణి. కాబట్టి అవతల ఏం జరుగుతుందో చెప్తాను. మా ముందు ఒక కాగితం ఉంటుంది. దాంట్లో ఈ ప్రశ్నకి ఎదురుగా ఒక గడి. "తన గురించి తనకి తెలుసా? తప్పు చూపిస్తే దిద్దుకుంటాడా?" అని. మాకు కావాల్సింది ఆ రెండే. ‘పర్ఫెక్షనిస్ట్’ అనే మాట వినగానే కలం ఆగిపోతుంది. ఎందుకంటే పొద్దుట్నుంచి అది ఐదోసారి. అప్పుడు ఎవరో ఒకరు మామూలుగా అడుగుతారు: "ఒక ఉదాహరణ చెప్పు బాబూ. ఎప్పుడు, ఏ పనిలో?"

అక్కడ నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. మొహంలో రక్తం తగ్గిపోతుంది. నోట్సులో రెండో వాక్యం లేదు మరి. అప్పటిదాకా డేటాబేస్ గురించి చక్కగా చెప్పిన పిల్లాడు ఒక్కసారిగా అబద్ధాలకోరులా కనిపిస్తాడు. నిజానికి వాడు అబద్ధాలకోరు కాదు. వాడికి అబద్ధం అమ్మారు, అంతే.

ఇంకో సంగతి. ఇంట్లో ఇద్దరు ఇంజినీర్లున్న పిల్లాడు కూడా అదే జవాబు చెప్తాడు. కానీ వాడికి భోజనాల బల్ల దగ్గర బాబాయి ఆ ‘ఉదాహరణ’ కూడా నేర్పి పంపిస్తాడు. కట్టుకథని కథలా చెప్పడం ఇంట్లోనే వస్తుంది. అందుకే బట్టీ జవాబు అందరికీ ఒకేలా దెబ్బ కొట్టదు. వెనక బాబాయి లేనివాడికే గట్టిగా తగులుతుంది. నా గొడవ అందుకు. నిజాయితీ గొప్ప గుణమని నీతులు చెప్పడానికి రాయట్లేదు. మన పిల్లల చేతిలో ఉన్న సరుకు నిజం. అది పెట్టుకుని నకిలీ ఎందుకు కొనాలి అంటున్నాను.

అయితే నిజం చెప్పమనగానే మన పిల్లలు ఇంకో గోతిలో పడతారు. "నా వీక్‌నెస్ ఇంగ్లిష్ సార్. తెలుగు మీడియం. మా అమ్మానాన్న కూలికెళ్తారు. ఇంట్లో మొదట చదివింది నేనే." ఇది నేను చెవులారా విన్నాను. చెప్తున్న అమ్మాయి తల దించుకుంది. అమ్మా, అది నీ బలహీనత ఎలా అయింది? అది నీకు అందనివ్వని వాటి జాబితా. దాన్ని నీ లోపంగా నువ్వే సంతకం పెట్టి ఇస్తావా?

2007లో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే ఇద్దరు పరిశోధకులు కంపెనీల్లో ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడి ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. మేమసలు కులం చూడం, మెరిట్ చూస్తాం అన్నవాళ్లే అభ్యర్థి కుటుంబ నేపథ్యం తమకి ముఖ్యమని చెప్పారు. నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరేం చదివారు. కులం పేరు ఎత్తకుండానే కులం ఆ గదిలోకి వచ్చి కూర్చుంటుంది. అలాంటి చోట నువ్వు అడక్కుండానే ఇంటి చరిత్ర తీసి బల్ల మీద పెడితే దాన్ని వాళ్లు ఎలా చదువుకుంటారో నీ చేతిలో ఉండదు.

అందుకని ఒక గీత గీసుకోండి. బలహీనత అంటే పనిలో నువ్వు చేసేది, లేదా చేయకుండా వదిలేసేది. రేపటి నుంచి వేరేగా చేయగలిగేది. ఇంగ్లిష్ నిజంగానే ఆ పనికి అడ్డమైతే దాన్ని కూడా పనిగానే చెప్పు: "ఫోన్‌లో చాలా వేగంగా మాట్లాడితే నాకు ఒకటి రెండు విషయాలు అందవు. అందుకని కాల్ అయ్యాక అర్థమైనది మెయిల్‌లో రాసి పంపి, సరేనా అని అడుగుతాను." ఇందులో తెలుగు మీడియం లేదు, క్షమాపణ లేదు, నిజం మాత్రం పూర్తిగా ఉంది.

ఇప్పుడు ఒక అమ్మాయి సంగతి. పేరు రాయను, అడిగే రాస్తున్నాను. బీటెక్ చివరి సంవత్సరం. మొదట ఫోన్ చేసినప్పుడు "అన్నా, నాకు వీక్‌నెస్‌లు చాలా ఉన్నాయి, ఒక్కటి ఏరుకోవడమే కష్టం" అంది. నేనన్నాను, ఏరుకోవద్దు, వెతుకు. చివరి ఏడాదిలో నీ వల్ల ఇంకొకరి పని ఆగిన రోజు ఒకటి చెప్పు.

కాసేపు ఆలోచించి చెప్పింది. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టు. ఎక్సెల్‌లో ఉన్న హాజరు పట్టీని డేటాబేస్‌లోకి ఎక్కించడం ఈమె వంతు. పట్టీలో తేదీలు మన పద్ధతిలో, రోజు ముందు నెల తర్వాత ఉన్నాయి. ఈమె రాసిన ప్రోగ్రామ్ మాత్రం నెల ముందు అనుకుని చదువుతోంది. ఒకటి నుంచి పన్నెండో తేదీ దాకా ఏ ఎర్రరూ రాలేదు, రోజూ నెలా తారుమారై ఎక్కిపోయాయి. పదమూడో తేదీకి వచ్చేసరికి ప్రోగ్రామ్ ఆగిపోయింది, పదమూడో నెల లేదు కాబట్టి. ఈమె డేటాబేస్‌నే అనుమానించి మూడు రోజులు ఒక్కతే కూర్చుంది. నాలుగో రోజు పక్క బెంచీ అబ్బాయి పది నిమిషాల్లో పట్టుకున్నాడు. ఈలోపు రివ్యూ వారం వాయిదా పడింది, మిగతా ముగ్గురూ మాట పడ్డారు.

"మరి మొదటి రోజే ఎందుకు అడగలేదు?" అన్నాను.

"అడిగితే నవ్వుతారని అన్నా."

ఇదీ బలహీనత. చిక్కుకుపోయినప్పుడు అడగదు. తేదీల తప్పు ఎవరైనా చేస్తారు. మూడు రోజులు నోరు మూసుకోవడం ఈమెది. దాని తర్వాత ఏం మార్చుకుందో అడిగాను. ఫోన్‌లో నలభై ఐదు నిమిషాలకి అలారం పెట్టుకుంటోందట. అప్పటికీ తెగకపోతే ఏమేం చేసి చూసిందో నాలుగు లైన్లు రాసుకుని వెళ్లి అడుగుతోందట. రాసుకోవడంలోనే సగంసార్లు తప్పు దొరుకుతోందని తనే చెప్పింది. ఇంకా పోనిది? పెద్ద హోదాలో ఉన్నవాళ్లని అడగాలంటే ఇప్పటికీ వెనకాడుతుంది.

జవాబు ఇక్కడితో తయారు. దీన్ని వాక్యాలుగా రాసుకోవద్దని గట్టిగా చెప్పాను. వాక్యాలు రాసుకుంటే బట్టీ పడతావు, బట్టీ పడితే ఒక మాట మర్చిపోగానే మొత్తం కూలిపోతుంది. చీటీ మీద నాలుగు మాటలే రాయమన్నాను: తేదీలు, మూడు రోజులు, అలారం, పెద్దవాళ్లు. ఆ చీటీ చూసి ముగ్గురికి చెప్పమన్నాను. ఒకసారి వాళ్ల అమ్మకి తెలుగులో, ఒకసారి రూమ్మేట్‌కి ఇంగ్లిష్‌లో, ఒకసారి నాకు వెనకనుంచి ముందుకి. ప్రతిసారీ మాటలు వేరే రావాలి, జరిగింది మాత్రం అదే ఉండాలి. రెండుసార్లు ఒకే వాక్యం వస్తే అది బట్టీలోకి జారుతోందని గుర్తు. వాళ్లమ్మ విని "మరి ఆ పిల్లాణ్ణే ముందు అడిగితే అయిపోయేదిగా" అందట. ప్యానెల్ అడిగే ప్రశ్నా అదే, ఇంచుమించు.

ఆ ప్రశ్న దగ్గరే కొంచెం ఆగాలి. "ఎందుకు అడగలేదు?" అన్నప్పుడు ఈ అమ్మాయి దగ్గర పూర్తి జవాబు ఉంది. ఆరో తరగతిలో డౌటు అడిగితే టీచరు ఏమన్నాడో, హాస్టల్ పిల్ల అని క్లాసంతా ఎలా నవ్విందో. అది ఆ గదిలో చెప్పాలా? నా అభిప్రాయం: చెప్పక్కర్లేదు. నీ అలవాటు తెలుసుకునే హక్కు వాళ్లకుంది, ఎందుకంటే రేపు ఆ అలవాటుతో వాళ్లకి పని. నీ గాయం చూసే హక్కు లేదు. "తెలియదని అనుకుంటారేమోనని భయపడ్డాను" అంటే చాలు. అది దాపరికం కాదు, నిజమే. చెప్పాలనిపిస్తే చెప్పు, అది నీ ఇష్టం. కానీ జాలి కోసం చెప్పకు, వాళ్లు బలవంతపెడితే అసలు చెప్పకు.

ఒక హెచ్చరిక కూడా. నిజం కదా అని ఆ ఉద్యోగానికి ప్రాణంలాంటి దాన్నే తీసుకెళ్లి బలహీనతగా పెట్టకండి. అకౌంట్స్ పోస్టుకెళ్లి లెక్కలు తప్పుతాయంటే తీసుకోరు, తీసుకోకపోవడమే న్యాయం. అది నిజంగానే నీ లోపమైతే దిద్దుకుని వెళ్లు, లేదా వేరే పోస్టు చూసుకో. అలాగే పూర్తిగా నయమైపోయిన పాత రోగం చెప్పకు. "ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు" అన్న జవాబు ఎవరూ నమ్మరు. ఇంకా ఎంత మిగిలిందో చెప్పినప్పుడే ముందు చెప్పినదంతా నిజంలా వినిపిస్తుంది.

ఆ అమ్మాయి మొదటి ఇంటర్వ్యూలో ఇదే చెప్పింది, రాలేదు. కారణం చెప్పలేదు. "నిజం చెప్పినందుకేనా అన్నా?" అని అడిగింది. నాకెలా తెలుస్తుంది? కొన్ని గదుల్లో నువ్వు తలుపు తీయకముందే నిర్ణయం అయిపోయి ఉంటుంది. అక్కడ నిజమూ పనిచేయదు, నోట్సూ పనిచేయదు. రెండోచోట టెస్టింగ్ పోస్టు. తేదీల సంగతి చెప్తుంటే ప్యానెల్‌లో ఒకావిడ మధ్యలో ఆపి, "పన్నెండో తేదీ దాకా తప్పుగా ఎక్కినవాటిని తర్వాత ఎలా సరిచేశావు?" అని అడిగిందట. నోట్సులో ఉండే ప్రశ్న కాదు. అయినా జరిగింది తనకే కాబట్టి చెప్పగలిగింది: మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించి, ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల్నీ పట్టీతో చేత్తో పోల్చి చూశానని. ఆ తర్వాత పావుగంట దాని మీదే మాట్లాడుకున్నారట.

మొన్న జీతం పడిందని ఫోన్ చేసింది. టీమ్ లీడ్ ఆ అలారం సంగతి గుర్తుపెట్టుకున్నాడట, "మా దగ్గర నలభై ఐదు ఎక్కువ, ఇరవై చాలు" అన్నాడట. ఇరవైకి దించింది. మేనేజర్ దగ్గరికెళ్లాలంటే మాత్రం ఇంకా కాళ్లు వణుకుతాయంటోంది.

వచ్చే ఆదివారం, ‘ఎంత జీతం ఆశిస్తున్నావు’ అన్న ప్రశ్న.

జై భీమ్.