పోలవరం ముంపు అడవి: రేటు కట్టారు.. మరి విలువ?

ఏలూరు జిల్లాలో కడుతున్న పోలవరం ప్రాజెక్టు నిల్వ సామర్థ్యం 194.6 టీఎంసీలు. అందులోంచి 80 టీఎంసీలు కుడి కాలువ మీదుగా కృష్ణా వైపు వెళ్లాలి. 960 మెగావాట్ల కరెంటు కూడా వస్తుంది. దీనికోసం వదులుకునే అటవీ భూమి 3,700 హెక్టార్లకు పైనే.

ఇంతకీ అడవి పోతే లెక్క ఎలా కడతారు? అటవీ భూమిని వేరే పనికి తీసుకుంటే 'నికర ప్రస్తుత విలువ' చెల్లించాలి. 2008లో సుప్రీంకోర్టు అడవి రకాన్ని బట్టి హెక్టారుకు రూ.4.38 లక్షల నుంచి రూ.10.43 లక్షల వరకు ఖరారు చేసింది. ఆ తర్వాత ఈ రేట్లు పెరిగాయి. కలప, వంటచెరకు, పశుగ్రాసం, పర్యాటకం, కార్బన్‌ను పట్టి ఉంచడం.. ఇలాంటివి కలిపితే వచ్చే మొత్తం ఇది. అంటే మనిషికి ఎంత ఉపయోగమో అంతే విలువ. దీన్నే మానవ కేంద్రిత దృష్టి అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2008 గరిష్ఠ రేటుతో 100 హెక్టార్లకు రూ.10.43 కోట్లు. అదే అభయారణ్యం అయితే 5 రెట్లు, అంటే రూ.52.15 కోట్లు. జాతీయ పార్కు అయితే 10 రెట్లు, రూ.104.3 కోట్లు. చెట్టు అదే, మారింది మ్యాపులో గీత మాత్రమే. రేటు ఎంత పెంచినా అది అనుమతికి కట్టే ఫీజే. పాపికొండల్లో తిరిగే అడవి దున్నకు ఆ డబ్బుతో పనిలేదు.

అడవి గేదెల రక్షణ కేసులో 2012లో సుప్రీంకోర్టే మరో మాట చెప్పింది. మానవ కేంద్రిత ఆలోచన నుంచి ప్రకృతి కేంద్రిత ఆలోచనకు మళ్లాలని, మనిషికి ఉపయోగం లేకపోయినా ఇతర జీవులకు సొంత విలువ ఉంటుందని స్పష్టం చేసింది.

అలాగని రెండో దారి సులువు కాదు. కొల్లేరునే చూడండి. 5వ కాంటూరు వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు తెంచేశారు. పక్షులకు, సరస్సుకు చోటు దొరికింది. కానీ చెరువులే ఆధారమైన చిన్న కుటుంబాలూ దెబ్బతిన్నాయి. కాంటూరు తగ్గించాలన్న డిమాండ్ ఇప్పటికీ ఆగలేదు.

పోలవరంలో ఇంకో చిక్కు ఉంది. మానవ కేంద్రిత లెక్కలో మనుషులంతా ఒకవైపు లేరు. కాలువ కింద నీళ్లందుకునే రైతూ మనిషే, ముంపులో ఊరు వదిలే కొండరెడ్డీ మనిషే. ఆ కొండరెడ్డికి అడవి అంటే పోడు, వెదురు, చింతపండు, కొలిచే దేవత. మొదటి మూడింటికి రేటు ఉంది. నాలుగోదానికి ఏ కాలమ్‌లోనూ చోటు లేదు.

అందుకే నీటిమట్టం 41.15 మీటర్లా, 45.72 మీటర్లా అన్న చర్చ ఇంజినీర్లది మాత్రమే కాదు. పైన చేరే ప్రతి మీటరుతో కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్క వేస్తున్నారు. పైన ఏ వాలు, ఏ ఊరు, ఏ జంతువుల దారి మునుగుతుందో కూడా అదే కాగితం మీద, రూపాయల్లోకి మార్చకుండా రాస్తేనే ఆ నిర్ణయం పూర్తి లెక్కతో తీసుకున్నట్టు.