ఆ కవరు చింపి పారేయకండి!

కాకినాడ అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ,

మా వీధిలో ఒక పిన్నిగారు ఫోన్లో ప్రకటన చూశారు. ఉప్పాడ జాందానీ పట్టుచీర 1,299 రూపాయలట, ఈ రాత్రి వరకేనట. పార్సిల్ వచ్చాకే డబ్బు కదా, భయమేముందనుకున్నారు. 24 రోజులకు వచ్చింది. డబ్బు చేతిలో పెట్టాకే కొరియర్ అబ్బాయి ఇచ్చాడు. విప్పితే పాలిస్టర్ గుడ్డ మీద అచ్చేసిన పూలు! తిరగేస్తే వెనక రంగే లేదు. నేసిన జాందానీ పువ్వు రెండు వైపులా ఒకేలా కనబడుతుందని ఉప్పాడ పక్కన ఉన్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అమ్మినవాడి దగ్గర ఆ చీర ఏనాడూ లేదు. ఎవరో నేతగాడి ఫొటో ఎత్తుకొచ్చి ప్రకటన వేశాడు. మీ ఆర్డరు పడ్డాక దాన్ని ఎక్కడో ఉన్న హోల్‌సేలర్‌కు పంపాడు. సరుకు అక్కడి నుంచే నేరుగా మీ ఇంటికొచ్చింది. అందుకే అన్ని రోజులు. దీన్ని డ్రాప్‌షిప్పింగ్ అంటారు. ఈ పద్ధతి తప్పు కాదు. చూపించింది ఒకటి, పంపింది ఇంకొకటి కావడమే తప్పు.

పిన్నిగారు కొరియర్ అబ్బాయిని తిట్టారు. పాపం, అతనేం చేస్తాడు? ఆ కోపంలోనే కవరు చించి చెత్తలో వేశారు. అసలు నష్టం అక్కడ జరిగింది. వెబ్‌సైటులో చిరునామా లేదు, ఉన్న ఫోన్ నంబరు ఎత్తరు. పంపినవాడి ఆచూకీ ఉన్నది ఆ కవరు మీది లేబుల్ ఒక్కదాని మీదే. చిరునామా కొరియర్ గోడౌన్‌దే అయినా, ట్రాకింగ్ నంబరు ఉంటే చాలు. మీ 1,299 ఎవరి ఖాతాకు పంపిందో కొరియర్ కంపెనీ లెక్కల్లో ఉంటుంది.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే వెనక్కి తీసుకోననీ డబ్బివ్వననీ అమ్మినవాడు అనకూడదు. సైటులో "నో రిటర్న్" అని రాసుకున్నా సరే. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు. వాళ్లు అవతలివాడితో మాట్లాడి రాజీకి చూస్తారు గానీ తీర్పు చెప్పలేరు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువుకు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. కానీ నోటీసు పంపడానికి ఎదుటివాడి పేరూ చిరునామా కావాలి. మళ్లీ ఆ కవరే!

కాబట్టి ఆర్డరు పెట్టిన రోజే ప్రకటనను స్క్రీన్‌షాట్ తీయండి, నెల తర్వాత అది ఉండదు. పార్సిల్ విప్పేముందు లేబుల్ కనబడేలా వీడియో మొదలుపెట్టండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో మాత్రం వెతకొద్దు. రీఫండ్ ఇస్తామంటూ ఓటీపీ అడిగే దొంగలు అక్కడ కాచుకుని ఉంటారు. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇలా మోసపోయినవాళ్లు ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన వీధి గ్రంథాలయానికి రండి. ఫోనూ, వచ్చిన సరుకూ, ఉంటే ఆ కవరూ తెచ్చుకోండి. ఫిర్యాదులు అక్కడే కూర్చుని రాద్దాం. పిన్నిగారూ వస్తున్నారు, చీరతో సహా.

— మీ వీధివాళ్లం